చెరువులు తగ్గిన నెలలో ఇన్వెస్టర్లకు మెయిల్ ఎలా రాయాలి

కంపెనీలో డబ్బు పెట్టినవాళ్లకు నెలనెలా రాసే మెయిల్‌కి ఒక మూస ఉంది. చేతిలో ఎంత నగదు ఉంది, అంకెలు ఎలా ఉన్నాయి, కలిసొచ్చినవేంటి, ఇబ్బందులేంటి, ఏ సాయం కావాలి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ అమ్ముకునే కంపెనీకి ఇది అతికినట్టు సరిపోతుంది. అక్కడ కస్టమర్ నెలనెలా కడతాడు, కట్టడం మానేస్తే పోయినట్టే. గోదావరి జిల్లాల్లో రొయ్య మీద బతికే కంపెనీకి మాత్రం ఉన్నదున్నట్టు పనికిరాదు. ఇక్కడ రైతు పంటతో పాటు వస్తాడు. రొయ్య పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టుకుని ఒకటి రెండు నెలలు కనిపించడు. మళ్లీ పిల్ల వేసినప్పుడు తనే ఫోన్ చేస్తాడు. ఈ రాకపోకల్ని మామూలు నెల లెక్కలో పెడితే, మంచి నెల చెడ్డగానూ చెడ్డ నెల మంచిగానూ కనిపిస్తుంది.

అందుకే ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. భీమవరంలో ఒక చిన్న కంపెనీ ఉందనుకోండి. రొయ్యల చెరువులో ఒక పెట్టె పెడుతుంది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే అది రైతు ఫోన్‌కి కాల్ చేస్తుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ అట్టడుగుకి పడిపోతుంది కాబట్టి ఆ కాల్ వస్తే రైతు లేచి ఇంకో ఏరియేటర్ వేసుకుంటాడు. చెరువుకి నెలకి రూ.1,500 అద్దె, పెట్టె మీద తిరిగి ఇచ్చే డిపాజిట్ రూ.5,000. మనం రాయబోయేది 2025 అక్టోబర్ నెల మెయిల్. కంపెనీ అంకెలన్నీ లెక్క చూపించడానికి నేను వేసినవే. నెల మాత్రం కావాలనే ఎంచుకున్నాను. మన దేశం సరుకు మీద అమెరికా సుంకం ఆగస్టు 27న 50 శాతానికి చేరింది, అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఏ అంకె తగ్గినా తోసెయ్యడానికి రెండు సాకులు సిద్ధంగా ఉన్న నెల అది.

ముందు తారీఖు కట్టుకోండి

మెయిల్ ప్రతి నెలా 8వ తేదీన వెళ్తుందని మీకు మీరే గీత గీసుకోండి. అంతకన్నా ముందైతే బ్యాంకు స్టేట్‌మెంట్‌కీ మీ పుస్తకానికీ లెక్క కుదిరి ఉండదు. 7వ తేదీకి టీడీఎస్ కట్టే పని ఎలాగూ ఉంటుంది కాబట్టి అకౌంట్స్ చూసే మనిషి ఆ వారం లెక్కల్లోనే కూర్చుని ఉంటారు. పదిహేనో తేదీ దాటితే చదివేవాళ్లకి పాత కబురు అవుతుంది. అంకెలు బాగాలేని నెలలో ఆలస్యమైతే, ఆలస్యం చూసే వాళ్లకి విషయం అర్థమైపోతుంది.

రాసే క్రమం, చదివే క్రమం ఒకటి కాదు. చదివేవాళ్లకి పైన నాలుగు లైన్ల సారాంశం కావాలి. మీరు మాత్రం దాన్ని ఆఖరున రాయండి. మొదట నగదు, తర్వాత చెరువుల లెక్క, తర్వాత ఇబ్బంది, ఆ తర్వాత సాయం. సారాంశం ముందే రాసుకుంటే, అంకెలు దానికి తగ్గట్టు ఒంగిపోతాయి.

మొదటి పని: మీ డబ్బు, మీది కాని డబ్బు

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, అదీ అబద్ధం చెప్పాలని కాదు, బ్యాంకు చూపించిన అంకెని అలాగే దించేయడం వల్ల.

మన కంపెనీకి అక్టోబర్ 1న బ్యాంకులో రూ.92 లక్షలు ఉన్నాయి. 31న రూ.81.35 లక్షలు. తగ్గింది రూ.10.65 లక్షలు. 81.35ని 10.65తో భాగిస్తే ఏడున్నర నెలలు దాటి వస్తుంది. కొత్తగా ఒక్క రూపాయి పెట్టుబడి రాకపోయినా అన్ని నెలలు నడుస్తాం అని రాసేయాలనిపిస్తుంది.

ఇప్పుడు డిపాజిట్లు చూడండి. అక్టోబర్‌లో 46 కొత్త చెరువుల్లో పెట్టెలు పెట్టారు, అంటే రూ.2.30 లక్షల డిపాజిట్ వచ్చింది. 9 మంది పెట్టె తిరిగిచ్చేశారు, రూ.45 వేలు వెనక్కి వెళ్లాయి. నికరంగా రూ.1.85 లక్షలు బ్యాంకులో చేరాయి, కానీ అవి సంపాదన కాదు, రైతుకి బాకీ. వాటిని పక్కన పెడితే ఆ నెల నిజంగా కరిగింది 10.65 కాదు, 12.50 లక్షలు.

అంతటితో అయిపోలేదు. నడుస్తున్న చెరువుల్లోనూ, ఎండగట్టిన చెరువుల రైతుల దగ్గరా కలిపి మొత్తం 480 పెట్టెలు బయట ఉన్నాయి. వాటి డిపాజిట్ రూ.24 లక్షలు బ్యాంకు నిల్వలోనే కలిసి ఉంది. నవంబర్ 20కి జీఎస్టీఆర్-3బీతో కట్టాల్సిన పన్ను ఇంకో రూ.1.07 లక్షలు. రెండూ తీసేస్తే మీ సొంత డబ్బు రూ.56.28 లక్షలు. దాన్ని 12.50తో భాగించండి. నాలుగున్నర నెలలు.

ఏడున్నరకీ నాలుగున్నరకీ మధ్య ఉన్న మూడు నెలల్లోనే కొత్త రౌండ్ కోసం తిరగడం మొదలుపెట్టాలా వద్దా అన్నది తేలిపోతుంది. 480 మంది రైతులూ ఒకే రోజు డిపాజిట్ అడగరు, నిజమే. అందుకని మెయిల్‌లో రెండు అంకెలూ పెట్టండి, కానీ నడిపించేది తక్కువ అంకె అని చెప్పండి.

> నగదు: బ్యాంకులో రూ.81.35 లక్షలు. ఇందులో రైతుల డిపాజిట్లు రూ.24 లక్షలు, కట్టాల్సిన జీఎస్టీ రూ.1.07 లక్షలు. మన సొంతం రూ.56.28 లక్షలు. ఈ నెల నికర ఖర్చు రూ.12.50 లక్షలు. ఈ లెక్కన నాలుగున్నర నెలలు, అంటే మార్చి మధ్య వరకు. డిపాజిట్లు ఎవరూ వెనక్కి అడగకపోతే సుమారు ఆరున్నర. మేం ప్లాన్ చేసేది నాలుగున్నర మీదే. (ఆడిట్ కాని లెక్కలు.)

మీ కంపెనీలో డిపాజిట్లు లేకపోవచ్చు. వాటి చోట డీలర్లు ముందే ఇచ్చిన అడ్వాన్సులో, గ్రాంటు కింద వచ్చి ఫలానా పనికే ఖర్చు పెట్టాల్సిన డబ్బో ఉంటుంది. లెక్క అదే. ఒక నెలలో పెట్టెల విడిభాగాలు ఒకేసారి కొని ఖర్చు ఎగిరితే, మూడు నెలల సగటు తీసి దానితో భాగించండి. సగటు తీశామని రాయండి. వచ్చే నెల సగటు మానేసి ఒంటి నెల వాడకండి.

రెండో పని: చెరువుల లెక్క

సెప్టెంబర్ ఆఖరుకి నడుస్తున్న చెరువులు 412. అక్టోబర్ ఆఖరుకి 396. "నడుస్తున్న చెరువు" అంటే ఏంటో మొదట ఒక వాక్యంలో కట్టుదిట్టంగా రాసుకోండి. నీళ్లలో పంట ఉండి, పెట్టె నుంచి గత ఏడు రోజుల్లో రీడింగ్ వచ్చి, ఆ నెల అద్దె బిల్లు అయిన చెరువు. ఈ నిర్వచనం ప్రతి మెయిల్ అడుగునా ఉండాలి. మార్చాల్సి వస్తే, మార్చిన నెలలో పాత లెక్క, కొత్త లెక్క పక్కపక్కన చూపించాలి.

మీరు ఉత్తినే "412 నుంచి 396కి తగ్గాయి" అని రాశారనుకోండి. డల్లాస్‌లో ఉన్న పాలకొల్లు ఇన్వెస్టరు కంగారుపడి ఫోన్ చేస్తారు. ఇంకో ఇన్వెస్టరు, ఉండి ఊళ్లో నలభై ఏళ్లుగా చెరువులు చేసిన పెద్దాయన, కంగారుపడరు, కానీ ఆయన అడిగే ప్రశ్న ఒకటే ఉంటుంది: "వదిలేశారా బాబూ, పట్టుబడి చేసుకున్నారా?" మెయిల్ ఆ ప్రశ్నకి అడక్కముందే జవాబివ్వాలి.

> చెరువులు: సెప్టెంబర్ ఆఖరుకి 412. కొత్తవి +46. ఎండగట్టి మళ్లీ పిల్ల వేసినవి +18. పట్టుబడి అయి ఆగినవి −71. పంట మధ్యలో పెట్టె తిరిగిచ్చినవి −9. అక్టోబర్ ఆఖరుకి 396. ప్రస్తుతం ఆగి ఉన్నవి 84.

ఈ అంకెల్లో మీరు చూడాల్సింది 71ని కాదు, 9ని. పట్టుబడి అయి ఆగడం పంట నడక. చెరువులో రొయ్య ఉండగానే, ఆక్సిజన్ భయం ఉండగానే, ఈ పెట్టె నాకొద్దని రైతు తీసిచ్చేశాడంటే అది మీ సరుకు మీద తీర్పు. నెల లెక్కలో ఈ రెండూ ఒకే గంపలో పడితే, 71 నీడలో 9 కనపడకుండా పోతుంది.

ఆగినవి మళ్లీ వస్తాయన్న మాటకి కూడా ఆధారం చూపించాలి, లేకపోతే వెళ్లిపోయిన ప్రతివాణ్నీ "ఆగినవి" గంపలో వేసి ఏడాది గడిపేయొచ్చు. దానికి రెండు పనులు చేయండి. ఒకటి, గడువు పెట్టండి: 120 రోజులు దాటినా పెట్టె మళ్లీ ఆన్ కాకపోతే ఆ చెరువు పోయినట్టే లెక్క, పెట్టె వెనక్కి తెచ్చుకోవాలి. రెండు, నెలకి కాకుండా పంటకి ఒక అంకె ఇవ్వండి. జూన్, జూలైల్లో పట్టుబడి అయిన చెరువులు 120 అనుకుందాం. వాటిలో 96 తర్వాతి పంటకి మన పెట్టె పెట్టుకున్నాయి. మిగతా 24లో 10 చేపలకు మారాయి, 14 మనల్ని వదిలేశాయి. 120కి 96, అంటే 80 శాతం. ఈ అంకె ఏడాదికి రెండు మూడుసార్లే మారుతుంది. మారని నెలల్లో పాతదే మళ్లీ రాసి "ఏ పంటదో" పక్కన పెట్టండి. చేపలకు మారినవాళ్లని వేరుగా చూపించడం సాకు కాదు, చేపల చెరువుకి మీ పెట్టె పనికొస్తుందా అన్నది వేరే ప్రశ్న కాబట్టి.

పోలిక కూడా కిందటి నెలతో మాత్రమే పెట్టకండి. అక్టోబర్‌ని పోయిన ఏడాది అక్టోబర్‌తో పోల్చండి. చలికాలంలో తెల్లమచ్చ వ్యాధి భయానికి చాలామంది పంట వేయరు కాబట్టి నవంబర్, డిసెంబర్ అంకెలు ఎలాగూ దిగుతాయి. ఆ దిగుడుని అక్టోబర్ మెయిల్‌లోనే ముందుగా చెప్పేస్తే, తర్వాత సంజాయిషీ రాసే పని ఉండదు.

వసూళ్లకి ఒక్క పేరా చాలు. అద్దె బిల్లు రూ.5.94 లక్షలు, చేతికి వచ్చింది రూ.4.10 లక్షలు. మేత, మందులు అరువు మీద తెచ్చుకుని పట్టుబడి రోజున తీర్చే చోట ఈ తేడా ఉంటుంది. కాబట్టి మొత్తం బకాయి కాదు, పట్టుబడి అయి 30 రోజులు దాటినా కట్టనివాళ్ల బకాయి ఎంతో ఇవ్వండి. పంట నీళ్లలో ఉన్న బకాయికీ, రొయ్య అమ్ముకున్నాక కట్టని బకాయికీ పోలికే లేదు. రెండోది మునిగే డబ్బు.

ఇబ్బందులు: తుపాను మీద తోయకండి

మొంథా వచ్చిన నెలలో "తుపాను కారణంగా చెరువులు తగ్గాయి" అని రాస్తే ఎవరూ అడగరు. అందుకే రాయకముందు తారీఖులు చూడాలి. మన 71లో 58 చెరువుల పట్టుబడి అక్టోబర్ 27లోపే అయిపోయింది. తుపాను లెక్కలోకి వచ్చేవి మహా అయితే 13. సుంకాల భయానికి ధర పడిపోతుందేమోనని కొందరు రొయ్య సైజు పెరగకముందే పట్టేసి ఉండొచ్చు. కానీ ఎంతమందో మీ దగ్గర లెక్క లేకపోతే ఆ మాట కారణంగా రాయకండి. పది మంది రైతులకి ఫోన్ చేసి అడగడం ఒక సాయంత్రం పని.

ఇబ్బంది రాయడానికి నాలుగు ముక్కలు కావాలి: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఏం చేస్తున్నాం, తగ్గిందని ఎప్పుడు ఎలా తెలుస్తుంది. ఈ నాలుగోది చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే మిగతా మూడూ ఓదార్పు మాటలే. మన 9 మంది గురించి ఇలా రాయొచ్చు:

> పంట మధ్యలో 9 మంది పెట్టె తిరిగిచ్చారు. అందరితో మాట్లాడాం. ఆరుగురు చెప్పిన కారణం ఒకటే: రాత్రి రెండింటికి, మూడింటికి కాల్ రావడం, పరిగెత్తి చూస్తే రొయ్య బాగానే ఉండటం. పెట్టెలు విప్పి చూస్తే ప్రోబ్ కొన మీద పాచి పేరుకుని ఉంది, రీడింగ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తోంది. ప్రోబ్‌ని వారానికోసారి తుడవాలి. ఆ పని రైతుకి వదిలేశాం, ఎవరూ తుడవడం లేదు. నవంబర్ 10 నుంచి ఆకివీడు, ఉండి మండలాల్లోని 140 చెరువుల్లో మన కుర్రాళ్లే వారానికోసారి తుడుస్తారు. దీనికి నెలకి రూ.38 వేలు అదనం. డిసెంబర్ మెయిల్‌లో ఆ 140 చెరువుల్లో ఉత్తుత్తి కాల్స్ ఎన్నో, మిగతా చెరువుల్లో ఎన్నో పక్కపక్కన ఇస్తాం. సగానికి తగ్గకపోతే ప్రోబ్ మార్చాలా అన్నది అప్పుడు చూస్తాం.

ఇందులో రైతు పేరు లేదు, చెరువు ఎక్కడుందో లేదు. మండలం దాటి లోపలికి వెళ్లకండి. మెయిల్ ఒకరి నుంచి ఒకరికి వెళ్తుంది, చివరికి ఊళ్లో ఏ మేత కొట్టు అరుగు మీద తేలుతుందో తెలీదు.

ఇబ్బందులు రెండుకి మించి పెట్టొద్దు. చిల్లర ఇబ్బందులు ఆరు పెట్టి వాటి మధ్యలో పెద్దదాన్ని దాచడం కొందరికి అలవాటు. పెద్దది ముందు రాయండి. ఉద్యోగి మానేయడం, కోఫౌండర్ల మధ్య తగాదా, పన్ను నోటీసు లాంటివి నెల మెయిల్ దాకా ఆపకూడదు, ఆ రోజే ఫోన్ చేయాలి. మెయిల్ చూసి ఆ కబురు మొదటిసారి తెలుసుకున్న ఇన్వెస్టరు వచ్చే మెయిల్‌ని అనుమానంతోనే తెరుస్తారు.

సాయం అడగడం

"మంచి పరిచయాలు ఉంటే చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. చెప్పకూడదని కాదు, ఎవరికి, ఏమని చెప్పాలో ఆలోచించే పని వాళ్ల నెత్తిన పెట్టారు కాబట్టి. అడిగేది ఎవరిని, ఏ పనికి, ఎప్పటిలోగా అన్నది మీరే తేల్చి, వాళ్లు కాపీ చేసి పంపించుకునే పేరా కూడా మీరే రాసివ్వాలి. అడిగే సాయం నేరుగా పైన రాసిన ఇబ్బందుల నుంచే పుట్టాలి. మన లెక్కలో గట్టిగా కనిపిస్తున్నది పట్టుబడి తర్వాత వసూలు కాని అద్దె. కాబట్టి:

> సాయం 1: ఆంధ్రాలో డీలర్ల నెట్‌వర్క్ ఉన్న రొయ్యల మేత కంపెనీలో సేల్స్ హెడ్ గానీ, డీలర్ క్రెడిట్ చూసే మనిషి గానీ మీకు తెలిసి ఉంటే నవంబర్ 20లోపు పరిచయం కావాలి. కింది పేరా అలాగే పంపించొచ్చు.
>
> "నమస్కారమండి. భీమవరం చుట్టుపక్కల 396 రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ తగ్గగానే రైతుకి ఫోన్ చేసే పెట్టెలు నడుపుతున్నాం. ఆకివీడు వైపు మీ డీలర్లు ఇద్దరి దగ్గర ఒక పని చేసి చూడాలనుకుంటున్నాం. నెల అద్దెని మేత ఖాతాలోనే రాసి పట్టుబడి రోజున వసూలు చేస్తారు, వసూలైన దాంట్లో డీలరుకి 8 శాతం. ఒక్క పంట పాటే. ఇరవై నిమిషాలు మాట్లాడగలరా?"

ఆ 8 శాతం అన్న అంకె ముఖ్యం. అది లేకపోతే అవతలి మనిషి మీతో మాట్లాడటానికి కారణం ఉండదు. రెండో సాయం ప్రోబ్ గురించి అడగొచ్చు: నీళ్లలో వాడే సెన్సర్ల మీద పనిచేసిన ఇంజనీరుతో అరగంట, ఫలానా రెండు ప్రశ్నలకి. మూడోది వద్దు. అందరికీ వెళ్లే మెయిల్‌లో అడగడమే కాకుండా, ఆ పని చేయగలరని మీకు తెలిసిన ఒక్కరికి విడిగా నాలుగు లైన్లు రాయండి. పదిమందిని కలిపి అడిగితే పక్కవాళ్లు చూసుకుంటారులే అనుకుంటారు.

కలిసొచ్చినవి ఇప్పుడు రాయండి, రెండు లైన్లు. అంకెని కదిలించినవే విజయాలు. 120లో 96 చెరువులు తిరిగి రావడం అలాంటిది. మీటింగ్‌లో వేదిక ఎక్కడం, పేపర్లో ఫొటో పడటం కాదు. వాటిని ఆపుకోలేకపోతే మెయిల్ చిట్టచివర ఒక ముక్క.

పైన నాలుగు లైన్లు, ఆపైన సబ్జెక్ట్

ఇప్పుడు సారాంశం రాయండి. చెరువులు 396, కిందటి నెల 412, తగ్గినదాంట్లో ఎక్కువ పట్టుబడులే. సొంత నగదు నాలుగున్నర నెలలు. మధ్యలో వదిలేసిన 9 మంది మా అసలు ఇబ్బంది. మేత కంపెనీలో ఒక పరిచయం కావాలి. బస్సులో ఫోన్ మీద చూసే మనిషి ఇది చదివి ఆపేసినా ఫర్వాలేదు. సబ్జెక్ట్ లైన్ ప్రతి నెలా ఒకే తీరులో ఉంటే రెండేళ్ల తర్వాత వెతకడం తేలిక:

```
అప్‌డేట్ 2025-10 | చెరువులు 396 (412) | నగదు 4.5 నెలలు
```

మెయిల్ భాష గురించి కొందరు తెగ ఆలోచిస్తారు. ఉండి పెద్దాయనకి తెలుగులో ఒకటి, డల్లాస్‌కి ఇంగ్లీషులో ఒకటి రాయొద్దు. రెండు రాస్తే మూడో నెలకల్లా రెండింట్లో అంకెలు తేడా వస్తాయి, రెండోదాంట్లో ఇబ్బంది కొంచెం మెత్తబడుతుంది. అందరికీ అర్థమయ్యే ఒకే భాష ఎంచుకుని దాంట్లోనే ఉండండి. అందరినీ బీసీసీలో పెట్టండి, అంకెలు మెయిల్ ఒంట్లోనే రాయండి. పీడీఎఫ్‌లో పెడితే సగం మంది తెరవరు. షేర్‌హోల్డర్ల ఒప్పందంలో మూడు నెలలకోసారి లెక్కలు పంపాలని ఉంటే ఈ మెయిల్ దానికి బదులు కాదు, అది విడిగా పంపాల్సిందే.

పంపాక వచ్చే జవాబుల్లో ఒకే ప్రశ్న ఇద్దరు అడిగితే, జవాబు వాళ్లకి రాసి ఊరుకోకుండా వచ్చే మెయిల్‌లో ఆ లైన్‌ని శాశ్వతంగా చేర్చండి. "పంట మధ్యలో వదిలేసినవి" అన్న లైన్ చాలా కంపెనీల మెయిల్‌లోకి అలా వచ్చేదే. నవంబర్ మెయిల్‌లో సాయం దగ్గరికి వచ్చేసరికి, కొత్తది అడగకముందు పాతది ఏమైందో రాయండి: ఎవరు పరిచయం చేశారు, మీటింగ్ అయిందా, డీలర్లు ఒప్పుకున్నారా. పరిచయం చేసినవాళ్ల పేరు వాళ్ల అనుమతితో అక్కడే పెట్టండి. ఎవరూ స్పందించకపోతే అదే సాయాన్ని అవే మాటల్లో మళ్లీ అడగొద్దు. ఒక మేత కంపెనీ పేరు మీరే తేల్చుకుని, ఆ కంపెనీలో ఎవరు తెలుసో ఒక్కొక్కరినీ ఫోన్ చేసి అడగండి.